ఆపరేషన్ రోజు పొద్దున్నే వేలు గుచ్చేది ఎందుకు, షుగర్ పేషెంటుకి మొదటి కేసు ఎందుకు

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్ళు, షుగర్ పన్నెండేళ్ళుగా ఉంది, మాత్రల మీదే ఉన్నారు. వచ్చే గురువారం హెర్నియా ఆపరేషన్. రాత్రి 10 తర్వాత ఏమీ తినొద్దు, తాగొద్దు, పొద్దున 6కల్లా రండి, మీదే ఫస్ట్ కేసు అన్నారు. ఇంట్లో చూసుకునే వస్తాం కదా, అక్కడ మళ్ళీ వేలు గుచ్చడం ఎందుకు? అంతసేపు ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ పడిపోదా? షుగర్ వాళ్ళని ముందు పెట్టడం రూలా, లేక మా నాన్నకే ఏదైనా ప్రమాదం ఉందనా?

జవాబు:

మీ నాన్నగారికి ప్రత్యేకంగా ప్రమాదమేదో ఉందని కాదు, కంగారు పడకండి. నేను మత్తు డాక్టర్ని. పద్దెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే నేను చేసే మొదటి పని, ఆపరేషన్ లిస్టు పట్టుకుని ప్రీ-ఆప్ గదిలో మంచం మంచానికీ తిరగడం. మీరు అడిగిన మూడింటికీ జవాబు ఒకే చోట ఉంది కాబట్టి ఒక కేసు చెప్తాను. వివరాలు కొద్దిగా మార్చాను, అంకెలు మాత్రం అలాంటివే.

ఆవిడకి 58 ఏళ్ళు, బరువు 60 కిలోలు. గాల్ బ్లాడర్‌లో రాళ్ళు, లాప్రోస్కోపీ ఆపరేషన్. షుగర్‌కి గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిపిన మాత్ర రెండు పూటలా వాడుతున్నారు, బీపీకి ఆమ్లోడిపిన్. ముందురోజు మేం చెప్పింది సూటిగానే చెప్పాం: రాత్రి మామూలుగా తినండి, పొద్దున బీపీ మాత్ర ఒక్కటి రెండు గుటకల నీళ్ళతో వేసుకోండి, షుగర్ మాత్ర వద్దు. 6:40కి సిస్టర్ వేలు గుచ్చి చూస్తే 92. షీటులో రాసి, పక్కన నార్మల్ అని కూడా రాసేసింది. ఎవరికైనా 92 చూస్తే హాయిగానే ఉంటుంది.

నేను వెళ్ళి, "అమ్మా, పొద్దున ఏ మాత్రలు వేసుకున్నారు?" అని అడిగాను.

"బీపీ మాత్ర వేసుకోమన్నారు కదా బాబూ, అయిదింటికి వేసుకున్నా. దాంతోపాటే షుగర్‌ది కూడా వేసేశా. రోజూ రెండూ కలిపే కదా వేసుకునేది."

ఆ మాటతో 92కి అర్థం మారిపోయింది. రాత్రి ఏడున్నరకి రెండు చపాతీలు తిన్నారు, ఆపరేషన్ కదా అని కూర కూడా సగమే వేసుకున్నారట. అయిదింటికి గ్లిమిపిరైడ్ లోపలికి వెళ్ళింది. ఆ మందు పనితనం రెండు మూడు గంటలకి బాగా పెరుగుతుంది, ఆ తర్వాత కూడా రోజంతా కొంత ఉంటుంది. అంటే 6:40కి మేం చూసిన 92 దిగుతున్న మెట్ల మీద ఒక మెట్టు. ఆవిడ ఇంకా కిందికి దిగుతున్నారు.

7:15కి మళ్ళీ చూశాం, 74. ఏడున్నరకి 63. ఆవిడ నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. రెండుసార్లు ఆవలించారు, పై పెదవి మీద సన్నగా చెమట పట్టింది, చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. "ఏమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా?" అంటే "భయంగా ఉంది బాబూ, అంతే" అన్నారు. ఆపరేషన్ భయానికీ షుగర్ పడిపోవడానికీ బయటికి కనబడే గుర్తులు దాదాపు ఒకటే: చెమట, గుండెదడ, వణుకు. ఏది ఏదో మంచం పక్కన గ్లూకోమీటరే చెప్పాలి.

25 శాతం డెక్స్‌ట్రోజ్ 50 మి.లీ. నరంలోకి మెల్లగా ఇచ్చాం. అంటే పన్నెండున్నర గ్రాముల గ్లూకోజు. పదిహేను నిమిషాలకి 118. అక్కడితో వదిలేస్తే మళ్ళీ పడిపోతుంది, ఎందుకంటే మాత్ర ఇంకా పని చేస్తూనే ఉంది. అందుకని 5 శాతం డెక్స్‌ట్రోజ్ గంటకి 100 మి.లీ. చొప్పున పెట్టాం, గంటకి 5 గ్రాములన్నమాట. అరగంటకోసారి వేలు గుచ్చాం. ఎనిమిదింటికి మొదలవ్వాల్సిన కేసు తొమ్మిదింపావుకి మొదలైంది. ఆపరేషన్ మధ్యలో 126, తర్వాత 139, రికవరీ గదిలో 151. సాయంత్రం నాలుగింటికి ఇడ్లీ తిన్నారు. మామూలుగా అయితే ఆ రాత్రికే ఇంటికి పంపేవాళ్ళం. మాత్ర ప్రభావం పూర్తిగా పోలేదు కాబట్టి ఒక రాత్రి ఉంచుకున్నాం.

ఇప్పుడు ఇదే మనిషి లిస్టులో నాలుగో కేసు అయి ఉంటే ఏం జరిగేదో ఊహించండి. 6:40కి 92 చూసి నార్మల్ అని రాసి, వార్డులో ఒక మంచం మీద పడుకోబెట్టేవాళ్ళు. ఒంటిగంట దాకా నోట్లో చుక్క నీళ్ళు లేవు. ఏడున్నర నుంచి తొమ్మిదింటి లోపు ఆవిడ మగతగా కళ్ళు మూసుకుంటే "పెద్దావిడ నిద్రపోయింది పాపం" అనుకుని దుప్పటి కప్పేవాళ్ళు. మొదటి కేసు వల్ల దక్కిన లాభం ఇదే. మందుకీ ఆహారానికీ మధ్య పొంతన తప్పిన ఆ నాలుగైదు గంటలూ పేషెంటు మా కళ్ళెదురుగా ఉంటారు.

ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ పడిపోదా అన్నారు. ఖాళీ కడుపు ఒక్కటే దాన్ని పడేయదు. మనం పడుకున్నప్పుడు లివరు తన దగ్గర దాచుకున్న గ్లూకోజుని కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. షుగర్ లేనివాళ్ళు ఏకాదశి ఉపవాసం ఉన్నా పడిపోనిది అందుకే. పడేసేది ఖాళీ కడుపు మీద పని చేసే మందు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి మీరు తిన్నారా లేదా చూడవు, పాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తాయి. ఆ ఇన్సులిన్ లివరు తలుపు కూడా మూసేస్తుంది. ఇన్సులిన్ ఇంజక్షను సంగతి చెప్పక్కర్లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి పడిపోవడం చాలా అరుదు. అయినా ఆపరేషన్ రోజు పొద్దున దాన్నీ ఆపమంటాం, ఆ కారణం వేరు, కిడ్నీల సంగతి. కాబట్టి మీ నాన్నగారి విషయంలో మొదట తెలియాల్సింది ఆయన వాడే మాత్రలో ఏముంది అన్నది. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి వస్తున్నాయి ఇప్పుడు. "షుగర్ మాత్ర" అంటే మాకేమీ తెలియదు. స్ట్రిప్ తీసుకురండి, కత్తిరించిన ముక్క కాదు, పేరు కనబడేది.

మీరు గమనించే మరో విషయం దీనికి తిరగబడి ఉంటుంది. రాత్రంతా ఏమీ తినలేదు, మాత్రా వేసుకోలేదు, అయినా పొద్దున 190 ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు, రాత్రి ఎవరు స్వీటు పెట్టారు అని. ఎవరూ పెట్టలేదు. తెల్లవారుజామున శరీరంలో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, దానికి ఆపరేషన్ దిగులు తోడవుతుంది, లివరు ఇంకాస్త గ్లూకోజు వదులుతుంది. 190 చూసి మేం ఆపరేషన్ ఆపం. మేం కోరుకునేది 100కీ 180కీ మధ్య. కొద్దిగా దాటితే గంట గంటకి చూస్తూ, అవసరమైతే కొంచెం ఇన్సులిన్ ఇస్తాం. 250 దాటిందంటే ఆలోచిస్తాం. ఒంట్లో నీళ్ళు తగ్గాయా, కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు ఉన్నాయా, ఈ షుగర్ ఇవాళ ఒక్కరోజుదా లేక మూడు నెలలుగా ఇంతేనా అని. హెర్నియా తొందర లేని ఆపరేషన్ అయితే వాయిదా వేయడమే మంచిదని చాలామంది అనుకుంటాం. షుగర్ ఎక్కువగా ఉన్న రక్తంలో తెల్లకణాలు సూక్ష్మజీవుల్ని సరిగ్గా ఎదుర్కోలేవు, కుట్లు చీము పడతాయి. హెర్నియాకి లోపల మెష్ అనే వల పెడతారు కదా, అక్కడ చీము పట్టిందంటే అది పెద్ద తలనొప్పి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8 లోపు ఉంటే మాకు ధైర్యం. మీ నాన్నగారిది ఈ మధ్య చేయించారో లేదో చూడండి.

280 ఉంది కదా, ఒక్కసారిగా పదిహేను యూనిట్లు గుచ్చి కేసు కానిచ్చేద్దాం అనే తొందర కొన్నిచోట్ల చూశాను. చర్మం కింద ఇచ్చిన రెగ్యులర్ ఇన్సులిన్ జోరు అందుకునేసరికి రెండు నుంచి నాలుగు గంటలు. గంటకి తగ్గలేదని ఇంకో డోసు వేస్తే రెండూ కలిసి సరిగ్గా పేషెంటు మత్తులో ఉన్న సమయానికి దిగుతాయి. పూర్తి మత్తులో ఉన్న మనిషి ఆకలి అనడు, తల తిరుగుతోంది అనడు, వణుకు కూడా కండరాలు వదులు చేసే మందుల వల్ల కనబడదు. గుండె వేగం పెరిగితే నొప్పి వల్లనో రక్తం పోవడం వల్లనో అనుకునే వీలుంది. కొంచెం ఎక్కువగా ఉన్న షుగర్ కన్నా తక్కువైన షుగర్‌కి మేం ఎక్కువ భయపడేది ఇందుకే. మెదడుకి గ్లూకోజు అందకపోతే ఎదురుచూసే వ్యవధి ఉండదు. మీ నాన్నగారికి నడుముకి ఇచ్చే మత్తు అయితే మెలకువగానే ఉంటారు కాబట్టి కొంత నయం, "ఒళ్ళు తేలిపోతోంది" అని ఆయనే చెప్పగలరు. అయినా గుచ్చి చూడటం మానం.

ఇక ఇంట్లో చూసుకున్నాక మళ్ళీ ఎందుకు అన్నదానికి సగం జవాబు పైన వచ్చేసింది. అయిదింటి అంకె ఏడింటికి పనికిరాదు. మిగతా సగం గ్లూకోమీటరు గురించి. ఆ యంత్రాన్ని నేను నమ్ముతాను, గుడ్డిగా మాత్రం కాదు. మంచి మీటరుకి కూడా అంతర్జాతీయ ప్రమాణాలు ఒప్పుకునే తేడా ఉంది. 100 లోపు ఉన్నప్పుడు 15 అటూ ఇటూ, 100 పైన 15 శాతం అటూ ఇటూ. అంటే 75 అని చూపిస్తే అసలుది 60 అయినా కావచ్చు, 90 అయినా కావచ్చు. మీ మీటరులో 132, మా దాంట్లో 148 వస్తే ఎవరిది తప్పు అని గొడవ అక్కర్లేదు, రెండూ ఒకటే. కానీ 132, 210 వస్తే ఎక్కడో పొరపాటు ఉంది.

ఆ పొరపాటు ఎలా వస్తుందో ఒకటి కళ్ళారా చూశాను. మే నెల. ఒక పెద్దాయన, వరిబీజం ఆపరేషన్. ప్రీ-ఆప్‌లో 312 వచ్చింది. వాయిదా వేద్దామని సర్జన్ గారు ఫోన్ కూడా చేసేశారు. ఆయన మొహం చూస్తే నిజంగానే ఏమీ తినలేదన్నట్టుంది. చెయ్యి దగ్గరికి తీసుకుంటే మామిడిపండు వాసన. తాను తినలేదు, బయల్దేరే ముందు మనవడికి రసం పిండి పెట్టి, పంచెకి తుడుచుకుని వచ్చేశారు. సిస్టర్ స్పిరిట్ దూదితో తుడిచే గుచ్చింది. పండు రసం స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిస్తే పూర్తిగా పోదు. వేలి మీద మిగిలిన ఆ పిసరంత జిగురు చాలు, స్ట్రిప్ పీల్చేది అరచుక్క కన్నా తక్కువ రక్తం కదా. సబ్బుతో కడిగించి, పొడిగా తుడిచి, ఇంకో వేలు గుచ్చితే 148. ఆపరేషన్ ఆరోజే అయింది. అప్పటినుంచి మా దగ్గర నియమం: అంకె మనిషికి పొసగకపోతే ముందు చెయ్యి కడిగించు, తర్వాత మందు గురించి ఆలోచించు. తక్కువ వస్తే మాత్రం ఈ వరస తిరగేస్తాం. ముందు గ్లూకోజు ఇచ్చి, తర్వాత ల్యాబుకి పంపి సరిచూసుకుంటాం.

ఇలాంటివే ఇంకో రెండు. డెక్స్‌ట్రోజ్ సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీస్తే షుగర్ ఆకాశంలో ఉంటుంది, రెండో చెయ్యి వాడాలి. రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్ళకి చాలా మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి, అంటే 95 అని చూపించినా అసలు అంకె అంతకన్నా కిందే ఉండొచ్చు. హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషి మీటరు రీడింగు చూసి నేను నిశ్చింతగా ఉండను. ఇంట్లో అయితే ఎక్కువగా జరిగేది స్ట్రిప్స్ డబ్బా మూత తీసి వదిలేయడం. మన కోస్తా ఉక్కపోతకి ఆ స్ట్రిప్స్ గడువు లోపే పాడవుతాయి.

ఉపవాసం దగ్గరికి వద్దాం. మత్తులో గొంతు తన కాపలా తాను కాయలేదు. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా, ఒక్కోసారి ప్రాణం మీదికి. నడుముకి మత్తు ఇచ్చినా, అది చాలక పూర్తి మత్తులోకి మార్చాల్సి రావచ్చు, అందుకే ఆ ఆపరేషన్లకీ ఉపవాసమే. ఇప్పుడు చాలా దేశాల్లో పాటించే లెక్క ఇది: తేలికపాటి టిఫిన్, పాలు అయితే 6 గంటలు, నూనె వంటలు, మాంసం అయితే 8 గంటలు, మంచినీళ్ళ లాంటి తేటవి అయితే 2 గంటలు. మన ఇళ్ళలో జారిపోయేది ఈ "తేట" అన్న మాట దగ్గరే. గ్లాసులో పోస్తే అవతలి వైపు కనబడాలి. పాలు పోసిన టీ తేట కాదు, అది అన్నం కిందే లెక్క. మజ్జిగ, రాగి జావ, గంజి కూడా అంతే. "ఏమీ తినలేదండీ, కొంచెం టీ తాగాడు" అన్న మాటకి ఎన్ని కేసులు మధ్యాహ్నానికి వాయిదా పడ్డాయో నేను లెక్కపెట్టలేదు.

మీకు రాత్రి 10 నుంచి నీళ్ళు కూడా వద్దన్నారు. అది జాగ్రత్త కోసం చెప్పే మాట, లిస్టు ఎప్పుడు అటూ ఇటూ అవుతుందో తెలియక ఆసుపత్రులు అలా చెప్పేస్తాయి. పొద్దున ఎనిమిదింటి కేసుకి అయిదున్నర దాకా మంచినీళ్ళు తాగనివ్వొచ్చా అని మీ మత్తు డాక్టర్ని అడగండి. చాలామంది సరే అంటారు. షుగర్ ఉన్నవాళ్ళకి ఒంట్లో నీళ్ళు ఎండకపోవడం అందరికన్నా ముఖ్యం. కాదంటే కాదన్నట్టే చేయండి, దానికీ కారణం ఉండొచ్చు. పదేళ్ళు దాటిన షుగర్‌లో కొందరికి కడుపు నరాలు మందగిస్తాయి, తిన్నది కిందికి జారదు. రాత్రి తిన్నది పొద్దున్నే త్రేన్పుల్లో రుచి తెలుస్తోందా, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందా, అని మీ నాన్నగారిని అడగండి. అవునంటే ఆ సంగతి ముందే చెప్పండి. బరువు తగ్గడానికీ షుగర్‌కీ వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజక్షన్లు కూడా కడుపుని నెమ్మదింపజేస్తాయి. అది వాడుతుంటే 6 గంటల లెక్క సరిపోకపోవచ్చు, ఆఖరి ఇంజక్షను ఏ రోజు వేసుకున్నారో మాకు తెలియాలి.

ముందురోజు రాత్రి భోజనం మానకండి. ఆపరేషన్ అని పళ్ళు తిని పడుకుని, రాత్రి మాత్రో ఇన్సులినో మాత్రం రోజూలాగే పూర్తిగా వేసుకునేవాళ్ళే తెల్లవారుజామున మాకు 60ల్లో కనబడతారు. మామూలుగా తినే అన్నమో చపాతీనో మామూలుగా తిననివ్వండి. ఇన్సులిన్ వాడేవాళ్ళకి రాత్రి డోసు కొంచెం తగ్గించమంటాం, పొద్దునది మార్చమంటాం. ఆ లెక్క ఏ ఇన్సులిన్ అన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ రాయను. మీ నాన్నగారికి ఎలాగూ మాత్రలే.

మధ్యలో రాత్రి రెండింటికో మూడింటికో చెమట పట్టి లేచారనుకోండి. మీటరు పెట్టండి. 70 కన్నా తక్కువ ఉంటే ఉపవాసం పేరు చెప్పి ఊరుకోకండి. మూడు చెంచాల పంచదార అరగ్లాసు నీళ్ళలో కలిపి, పూర్తిగా కరిగాక ఇవ్వండి. బిస్కెట్టు, పాలు వద్దు. పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడండి. పంచదార నీళ్ళు తేటవి, 2 గంటల లెక్కలోకే వస్తాయి, కాబట్టి ఆ వేళకి ఇచ్చినదాని వల్ల ఆపరేషన్ ఆగే పని ఉండదు. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడో, దారిలోనో పడిపోయినా ఇవ్వండి. అప్పుడు కేసు గంటో రెండు గంటలో వెనక్కి జరుగుతుంది, అంతే. వచ్చాక ఎన్నింటికి, ఎంత ఇచ్చారో చెప్పండి. దాచేవాళ్ళు ఉన్నారు, డాక్టరు కోప్పడతాడని. తెలియకుండా మత్తు ఇవ్వడం కన్నా కోప్పడటం నయం.

గ్లూకోమీటరుకి పూర్తిగా చిక్కనిది ఒకటుంది, అందుకే దీనికి కొంచెం చోటు ఇస్తున్నాను. మీ నాన్నగారి మాత్ర పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉందేమో చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ బాగా వాడుకలో ఉన్నాయి, మెట్‌ఫార్మిన్‌తో కలిపి కూడా వస్తాయి. ఇవి షుగర్‌ని మూత్రంలో పంపించేస్తాయి. ఇవి వాడుతూ ఉపవాసం ఉండి, పైన ఆపరేషన్ ఒత్తిడి కూడా తోడైతే, శరీరం కొవ్వు కరిగించుకుని కీటోన్లు చేసుకోవడం మొదలుపెట్టొచ్చు, రక్తం ఆమ్లంగా మారుతుంది. మామూలుగా కీటోన్లు పెరిగాయంటే షుగర్ 400, 500 ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. ఇక్కడ షుగర్ మూత్రంలో పోతోంది కాబట్టి మీటరు 160 అని అమాయకంగా చూపిస్తుంది. ఆపరేషన్ అయ్యాక వాంతులు, కడుపునొప్పి, ఆయాసం లాంటి ఊపిరి ఉంటాయి, అందరూ మత్తు వల్ల అనుకుంటారు. రక్తంలో కీటోన్లు చూస్తేనే బయటపడుతుంది. అందుకే ఈ మందుల్ని ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందే ఆపాలి, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే 4 రోజులు. గురువారం ఆపరేషన్ అయితే ఆఖరి మాత్ర ఆదివారం. సోమ, మంగళ, బుధ వద్దు. మీరు ఇప్పుడే అడగడం మంచిదైంది. షుగర్ డాక్టరుకి ఫోన్ చేసి, ఆ మూడు రోజులు బదులుగా ఏం వాడాలో కనుక్కుని ఆపండి. గుండె బలహీనతకో కిడ్నీకో షుగర్ లేకపోయినా ఈ మందు వాడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకీ ఇదే మాట.

మొదటి కేసు రూలా అన్నారు. రాతలో ఉన్న చట్టమేమీ కాదు, దాదాపు ప్రతి ఆసుపత్రీ పాటించే ఆనవాయితీ. పొద్దున ఎనిమిదింటి కేసుకే వేళ మీద నమ్మకం ఉంటుంది. మొదటి కేసు మీద ఇంకొకరి ఆలస్యం పడదు, నాలుగో కేసు మీద ముగ్గురిది పడుతుంది. మీ నాన్నగారికి పొద్దున టిఫిన్ ఒక్కటే పోతుంది, అన్నీ సవ్యంగా జరిగితే మధ్యాహ్నానికో సాయంత్రానికో ఏదో ఒకటి తింటారు, రాత్రి మాత్ర మామూలుగా వేసుకుంటారు. షుగర్ కుదురుకునే గంటలన్నీ పగలే గడుస్తాయి, ల్యాబు తెరిచి ఉంటుంది, డాక్టర్లు ఉంటారు. మధ్యాహ్నం మూడింటికి చేస్తే ఆ గంటలు రాత్రి పదింటి మీదికి పోతాయి, అప్పుడు వార్డులో ఒకే సిస్టర్.

తిరకాసు ఏమిటంటే, షుగర్ చాలా తీవ్రంగా ఉన్నవాళ్ళే ఒక్కోసారి లిస్టులో చివరికి పోతారు. కాలికి కుళ్ళు పట్టినవాళ్ళు. చీము కేసు ముందు చేస్తే థియేటరంతా శుభ్రం చేసి గానీ తర్వాతి కేసు తీసుకోలేం, అందుకని సాధారణంగా ఆఖరికి పెడతారు. అలాంటివాళ్ళని ఊరికే ఎండబెట్టం, డెక్స్‌ట్రోజ్ సెలైనూ ఇన్సులినూ కలిపి నడుపుతూ గంట గంటకి చూస్తాం. మీ నాన్నగారి విషయంలో కూడా తెల్లారి ఒక ఎమర్జెన్సీ సిజేరియన్ వచ్చిందంటే మొదటి కేసు రెండోదైపోతుంది. అప్పుడు కోపం తెచ్చుకోకుండా రెండే అడగండి. ఎన్ని గంటలకి అవ్వొచ్చు, అప్పటిదాకా నీళ్ళు తాగొచ్చా. ఆ తర్వాత గంటకోసారి షుగర్ చూస్తున్నారో లేదో గమనించండి. చూడకపోతే మెల్లగా గుర్తు చేయండి, ఆ హడావుడిలో వార్డులో మర్చిపోయేది ఇదే.

గురువారం పొద్దున సిస్టర్ వేలు గుచ్చేముందు నాన్నగారి చేత చేతులు సబ్బుతో కడిగించండి. ఒక కాగితం మీద మూడు టైములు రాసి ఇవ్వండి: ఆఖరిసారి ఎప్పుడు, ఏం తిన్నారు, ఆఖరి నీళ్ళు ఎప్పుడు, ఆఖరి షుగర్ మాత్ర ఎప్పుడు, ఏది. బీపీ మాత్రల్లో కూడా కొన్ని ఆరోజు వేసుకోమంటాం, కొన్ని వద్దంటాం, అది విడిగా అడిగి ఆ కాగితం మీదే రాసుకోండి. పైన చెప్పిన అమ్మ లాగా రెండు డబ్బాలూ ఒకే చోట ఉంటే, షుగర్ డబ్బా బుధవారం రాత్రే తీసి మీ బ్యాగులో పెట్టేసుకోండి.

ఆపరేషన్ అయ్యాక మాత్రలు మొదలుపెట్టే వేళ గురించి ఎవరూ అడగరు, అక్కడే ఇంకోసారి పడిపోతారు. పాంక్రియాస్‌ని పిండే రకం మాత్ర నిజంగా కడుపునిండా తినగలిగిన పూటే వేసుకోవాలి, రెండు ఇడ్లీలు కొరికి వదిలేసిన పూట కాదు. గ్లిఫ్లోజిన్ అయితే రెండు పూటలూ మామూలుగా తింటూ, నీళ్ళు బాగా తాగుతున్నప్పుడే, అదీ డాక్టరు సరేనన్నాకే. ఇంటికి వచ్చిన మొదటి రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి షుగర్ చూడండి.